చేతిలో 45,000: బండి కన్సల్టెన్సీలో కొనాలా, పక్కింటి కాక దగ్గర కొనాలా?

మా బాబాయి కొడుకు నల్లగొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. తిప్పర్తి దగ్గర ఊరు. పొద్దున్న బస్సు దొరికితే దొరికినట్టు, లేకపోతే మొదటి పీరియడ్ పోయినట్టు. రెండేండ్లు సెలవుల్లో పత్తి ఏరి, పెళ్లిళ్ల సీజన్‌లో కేటరింగ్‌కు పోయి 45,000 కూడబెట్టాడు. ఒకరోజు ఫోన్ చేసి "అన్నా, రెండు బండ్లు చూసిన, ఏది తీసుకోవాలె?" అని అడిగాడు. రెండూ స్ప్లెండర్ ప్లస్‌లే. ఒకటి నల్లగొండలో ఒక ఆటో కన్సల్టెన్సీలో ఉంది: 2019 మోడల్, మీటర్ మీద 23,000 కిలోమీటర్లు, అడిగిన ధర 46,000. రెండోది వాళ్ల పక్కింటి కాకది: 2017 మోడల్, 52,000 కిలోమీటర్లు, 38,000 అంటున్నాడు.

చూడగానే మొదటిదే మంచి బండి అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ ఈ రెండు చోట్లా మోసపోయే తీరు వేరు. కన్సల్టెన్సీలో బండి తళతళలాడుతూ ఎదురుగా ఉంటుంది, ఆర్‌సీలో పేరున్న మనిషి మాత్రం కనబడడు. పక్కింట్లో మనిషి ఎదురుగానే ఉంటాడు, కానీ మనకు నోరు రాదు. అందుకే రెండింటినీ ఒకే పద్ధతిలో చూడకూడదు.

మొదట డబ్బు విడదీయండి

చేతిలో 45,000 ఉంటే 45,000 బండి చూడొద్దు. కొన్న నెలలోపే నాలుగు ఖర్చులు వస్తాయి: పేరు మార్పు, ఇన్సూరెన్స్, మొదటి సర్వీసు, ఏదో ఒక పెద్ద సామాను. ఆ పెద్ద సామాను వెనక టైరో చైన్ సెట్టో అవుతుంది. మా వాడితో 8,000 పక్కన పెట్టించాను. అంటే బండి ధర 37,000 దాటకూడదు.

కన్సల్టెన్సీ అతను బేరానికి 42,000 దాకా దిగాడు. దాని మీద ట్రాన్స్‌ఫర్‌కు 3,000 వేరే. ఇన్సూరెన్స్ అయిపోయింది, దానికి 1,200. వెనక టైరు 1,900. మొత్తం 48,100 తేలింది. చేతిలో ఉన్నదాని కంటే 3,100 ఎక్కువ.

అక్కడ అతను ఇంకో మాట అన్నాడు: "తమ్మీ, 30,000 కట్టు, మిగతాది ఫైనాన్స్ చేయిస్త." సర్వీసు ఖర్చులు కూడా కలుపుకుని 15,000 అప్పు, నూటికి రెండు రూపాయల మిత్తి, 18 నెలలు. వినడానికి ఊళ్లో మిత్తి లాగే ఉంటుంది. నెలకు మిత్తి 300 చొప్పున 18 నెలలకు 5,400, మొత్తం 20,400, నెల వాయిదా 1,133. ఇక్కడ చూసుకోవాల్సింది ఒకటుంది. నెలనెలా అసలు తగ్గిపోతున్నా మిత్తి మాత్రం చివరి నెల దాకా మొత్తం 15,000 మీదే లెక్కేస్తారు. తీరుతున్న అసలును బట్టి చూస్తే నిజంగా పడేది నెలకు నూటికి మూడున్నర రూపాయలకు దగ్గర. పైగా ఆర్‌సీ మీద ఫైనాన్స్ వాళ్ల పేరు ఎక్కుతుంది, అప్పు తీరాక దాన్ని తీయించుకునే పని మళ్లీ మనదే. జీతం లేని పిల్లవాడు రెండు వాయిదాలు తప్పితే బండి సీజింగ్‌కు పోతుంది. కన్సల్టెన్సీలో కనబడే బండ్లలో కొన్ని అలా సీజ్ అయి వచ్చినవే.

బండి స్టార్ట్ చేయకముందే కాగితాలు

చాలామంది బండి నచ్చాక కాగితాలు అడుగుతారు. అప్పటికి మనసు పడిపోయి ఉంటుంది, ఏ లోటు కనబడినా 'చూద్దాంలే' అనిపిస్తుంది. ముందే అడగండి.

ఆర్‌సీ కార్డులో చూడాల్సినవి మూడు: ఓనరు పేరు, ఫైనాన్స్ వాళ్ల పేరు ఉందా లేదా, రిజిస్ట్రేషన్ ఏ తేదీ దాకా ఉంది. సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ 15 ఏండ్లు. 2017 బండికి 2032 దాకా భయం లేదు. మన దగ్గర ఏపీ 24, ఏపీ 22 నంబర్లతో తక్కువ ధరకు దొరికే పాత బండ్లకు ఆ గడువు అయిపోయి ఉండొచ్చు. రెన్యువల్, తనిఖీ, గ్రీన్ ట్యాక్స్ కలిపితే ఆ తక్కువ ధర తక్కువగా మిగలదు.

తర్వాత ఆర్‌సీలోని ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో ఒక్కో అక్షరం సరిచూడండి. ఛాసిస్ నంబరు హ్యాండిల్ కింద మెడ గొట్టం మీద ఉంటుంది. మట్టి ఉంటే గుడ్డతో తుడవండి. అక్కడ అరగదీసినట్టు, మళ్లీ కొట్టినట్టు, ఆ ఒక్క చోటే కొత్త రంగు వేసినట్టు కనబడితే ఇక ధర అడగాల్సిన పని లేదు, తిరిగి వచ్చేయండి. నంబరు పెట్టి పోలీసు ఈ-చలాన్ సైట్‌లో బాకీ చలాన్లు కూడా చూడండి. చలాన్లు బండి నంబరు మీద పడతాయి కాబట్టి పాత ఓనరు కట్టకపోతే రోడ్డు మీద ఆపినప్పుడు అడిగేది మిమ్మల్నే.

ఇక అసలు తేడా ఇక్కడ మొదలవుతుంది. కన్సల్టెన్సీలో మా వాడు ఆర్‌సీ అడిగితే సూర్యాపేట వైపు ఒక మనిషి పేరుంది. "ఆయన ఎక్కడున్నడన్నా?" అంటే, "ఆయనతోటి నీకేం పని, ఫారాల మీద సంతకాలు పెట్టే ఉన్నయి" అన్నాడు. వీటినే ఓపెన్ సంతకాలు అంటారు. పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద అమ్మినవాడు కొనేవాడి పేరు రాయకుండానే సంతకం చేసి ఇచ్చేస్తాడు. ఆ కాగితాలతో బండి ఎన్ని చేతులైనా మారుతుంది. పని జరిగినన్నాళ్లూ బాగానే ఉంటుంది. ఆర్టీఏ పోర్టల్ పాత ఓనరు ఫోన్‌కు ఓటీపీ పంపిన రోజు, ఆ నంబరు మారి ఉంటే, ఆ మనిషి ఇంకో ఊరు పోయి ఉంటే, సంతకం కలవకపోతే, బండి మీ దగ్గరే ఉంటుంది గానీ మీ పేరు మీదికి రాదు.

దీనికోసమే కేంద్రం 2022 డిసెంబరులో నిబంధనలు మార్చింది, అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పాత బండ్ల డీలరు రిజిస్టరింగ్ అధికారి దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి, దాన్ని ఫారం 29బి అంటారు. ఓనరు బండి డీలరుకు అప్పగించినప్పుడు ఫారం 29సి ద్వారా ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అప్పటినుంచి ఆ బండికి బాధ్యత డీలరుదే. కాబట్టి కన్సల్టెన్సీలో రెండే ప్రశ్నలు వేయండి: మీ 29బి ఉందా, ఈ బండికి 29సి రసీదు ఉందా. రెండూ చూపిస్తే పాత ఓనరు ఎదురుగా లేడన్న భయం చాలావరకు తీరుతుంది. "అవన్నీ మనూళ్ల ఎవరడుగుతరు తమ్మీ" అన్నారంటే, పాత ఓనరుతో అక్కడే ఫోన్‌లో మాట్లాడించమనండి. అదీ కుదరదంటే వదిలేయండి. మా వాడికి వచ్చిన జవాబు తమ్మీ జవాబే. ఫోన్ మాత్రం కలిపారు, అటువైపు ఎవరూ ఎత్తలేదు.

పక్కింటి కాక దగ్గర ఇంకో రకం చిక్కు. ఆర్‌సీ ఆయన పేరు మీదే ఉంది, సంతోషం. కానీ 2019లో తీరిపోయిన ఫైనాన్స్ పేరు ఇంకా అలాగే ఉంది. అప్పు తీరితే దానంతట అదే పోతుందనుకున్నాడు ఆయన. పోదు. ఫైనాన్స్ సంస్థ నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చి ఆర్టీఏలో తీయించాలి. అప్పట్లో తీసుకున్న ఎన్‌ఓసీ బీరువాలో ఉన్నా, పాతదైతే కొత్తది తెమ్మంటారు. ఈ పని అమ్మేవాడు చేయాలి, కొనేవాడు కాదు. డబ్బు ఇచ్చాక అడిగితే ఎవరికీ తీరిక ఉండదు.

పక్కింటి బండ్లలో దీనికంటే కష్టమైనది ఒకటుంది: ఆర్‌సీ చనిపోయిన తండ్రి పేరు మీద ఉండటం. కొడుకు సంతకం చేస్తే సరిపోదు. ముందు ఫారం 31తో బండి వారసుడి పేరు మీదికి మారాలి, ఆ తర్వాతే మీ పేరు మీదికి. అన్నదమ్ములు ఉంటే మిగతావాళ్ల ఒప్పుకోలు కూడా అడుగుతారు. అలాంటి బండి ఎంత బాగున్నా, వాళ్ల పేరు మీదికి మారాక వస్తానని చెప్పండి. ఆర్‌సీలో పేరున్న మనిషి బొంబాయిలోనో దుబాయిలోనో ఉంటే, ఆయన వచ్చే పండగ దాకా ఆగండి.

కన్సల్టెన్సీ బండిలో దాచింది వెతకండి

పొద్దున్నే, షాపు తెరవగానే వెళ్లండి. వెళ్లగానే మాట్లాడుతూ మాట్లాడుతూ ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉండాలి. ముందే వేడిగా ఉందంటే మీరొచ్చేముందు ఎవరో స్టార్ట్ చేసి పెట్టారు. చల్లటి ఇంజనే నిజం చెబుతుంది: స్టార్ట్ కావడానికి ఎంత సతాయిస్తుంది, మొదటి పొగ ఏ రంగులో వస్తుంది.

సైలెన్సర్ వెనక నిలబడి చూడండి. స్టార్ట్ చేయగానే కొంచెం నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ అరిగి ఉండొచ్చు, అది చిన్న పనే. ఎక్సలేటర్ ఇచ్చిన ప్రతిసారీ నీలం పొగ వస్తూనే ఉంటే పిస్టన్ రింగులు, బోరు పోయినట్టు. అంటే ఇంజన్ విప్పాలి, వేలల్లో ఖర్చు. పొగ, చప్పుడు కొన్నాళ్లు తెలియకుండా చిక్కటి ఆయిల్ పోసే అలవాటు కొందరికి ఉంది. అందుకే పావుగంట నడిపి, ఆయిల్ బాగా వేడెక్కి పలచబడ్డాక మళ్లీ ఒకసారి పొగ చూడండి.

మీటర్ సంగతికి వస్తే, 23,000 అన్న అంకె నాకు మొదటినుంచీ నచ్చలేదు. ఆరేండ్ల బండి, రోజుకు పది పదకొండు కిలోమీటర్లే తిరిగిందనుకోవాలి. ఇంట్లో పెద్దాయన వాడిన బండైతే అది జరగనిది కాదు. కానీ మీటర్‌ను నమ్మే బదులు టైరును అడగొచ్చు. ప్రతి టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండు తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఈ బండి వెనక టైరు మీద 4221 ఉంది, అంటే 2021లో 42వ వారం. బండి 2019ది, టైరు 2021 చివరిది, అంటే కంపెనీ టైరు రెండు మూడేండ్లకే అరిగి మార్చారు. ఆ రెండో టైరు కూడా అరిగిపోయింది. ఇలాంటి బండికి వెనక టైరు మామూలుగా పాతిక ముప్పై వేల కిలోమీటర్లు వస్తుంది. రెండు టైర్లు తిన్న బండి 23,000 ఎలా తిరుగుతుంది? కాలు పెట్టే ఫుట్‌రెస్టు రబ్బరు, బ్రేకు పెడలు అంచు నున్నగా అయిపోయి అదే మాట చెప్పాయి. డిజిటల్ మీటర్ అయినా వెనక్కి తిప్పేవాళ్లున్నారు, కాబట్టి అంకె ఎలా కనబడుతుందన్నది లెక్కలోకి రాదు.

పడ్డ బండా కాదా అన్నది రెండు చోట్ల తెలుస్తుంది. హ్యాండిల్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పితే మెడ దగ్గర ఒక చిన్న ఇనుప మొట్ట ఆపుతుంది. గట్టిగా గుద్దుకున్న బండికి అది వంగి గానీ నొక్కుకుపోయి గానీ ఉంటుంది. రంగు వేసేవాళ్లు ట్యాంకు చూసుకుంటారు గానీ దాన్ని పట్టించుకోరు. రెండోది, పది అడుగుల వెనక కూర్చుని రెండు టైర్లు ఒకే గీతలో ఉన్నాయా చూడండి. నడిపేటప్పుడు ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోతూ చేతులు వదులుగా పట్టుకుంటే, వంకరైన బండి ఒక పక్కకే లాగుతుంది.

పక్కింటి బండిలో పట్టించుకోనిది వెతకండి

కాక ఏదీ దాచలేదు. దాచాలన్న ఆలోచన కూడా ఆయనకు లేదు, బండి కడిగి ఎన్నాళ్లయిందో. కానీ ఎనిమిదేండ్లు ఆ బండి మోసింది మనుషుల్నే కాదు. యూరియా బస్తాలు, మందు డ్రమ్ములు, పత్తి మూటలు, రోజూ పాల క్యాన్లు. అలాంటి బండికి ఇంజన్ కంటే ముందు కింది భాగాలు అరుగుతాయి. యూరియా రాలినచోట ఇనుము తింటుంది. సీటు విప్పించి దాని కింద ఫ్రేము, వెనక మడ్‌గార్డు, సైలెన్సర్ అడుగు చూడండి. పైపై తుప్పు పరవాలేదు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పొరలు ఊడి వస్తే అది వేరే కథ.

సెంటర్ స్టాండ్ వేసి మూడు పనులు చేయండి. ముందు చక్రం లేపించి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో ఎక్కడో గుంతలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ పోయింది. వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపండి. లోపల టకటక ఆడితే బుష్‌లు గానీ బేరింగు గానీ మార్చాలి. వెనక పళ్లచక్రం దగ్గర చైన్‌ను వేలితో వెనక్కి లాగండి. సగం పన్ను కనబడితే చైన్ సెట్ అయిపోయినట్టే. తర్వాత టాప్ గేర్‌లో నలభై స్పీడులో ఒక్కసారి ఎక్సలేటర్ తిప్పండి. చప్పుడు పెరిగి బండి కదలకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి.

కన్సల్టెన్సీలో ఎంత అడిగినా దొరకనివి రెండు ఇక్కడ దొరుకుతాయి. ఒకటి, మెకానిక్. బండి ఎప్పుడూ ఏ షాపుకు పోతుందో ఊరంతటికీ తెలుసు. మా వాడు పోయి "అన్నా, కాక బండి ఇంజన్ ఎప్పుడన్న విప్పినవా?" అని నేరుగా అడిగాడు. "విప్పలే. ఆయిల్ మాత్రం టైముకు మారుస్తడు. చైన్ మార్చుమంటే ఏడాది సంది వచ్చే నెల అంటుండు." దాంతో సగం తనిఖీ అయిపోయింది. రెండోది, ఒక రోజు. కాకను అడిగి బండి తీసుకుని కాలేజీకి పోయి రావొచ్చు. బంకులో ట్యాంకు మూతి దాకా నింపించి, మీటర్ రాసుకుని, రెండు రోజులు తిరిగి, అదే బంకులో మళ్లీ మూతి దాకా నింపించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది. మా వాడికి 58 వచ్చింది. మామూలుగా చూసుకున్న స్ప్లెండర్‌కు అది కాస్త తక్కువే, కానీ గాలి ఫిల్టరు నల్లగా ఉన్న బండికి ఆశ్చర్యం లేదు.

నోరు రాని చోట బేరం ఎలా

చిన్నప్పటినుంచి ఎత్తుకున్న కాకతో "నీ బండి ఇంత పలకదు" అనడం కష్టం. అనొద్దు కూడా. మెకానిక్‌తో కాగితం మీద రాయించండి. మా వాడి కాగితంలో ఉన్నవి ఇవి: చైన్ సెట్ 1,400, కోన్ సెట్ కూలీతో 700, ముందు ఫోర్కు సీళ్లు 600, వెనక టైరు 1,900, ఆయిల్, ఫిల్టరు, ప్లగ్గుతో సర్వీసు 1,000. మొత్తం 5,600. ఆ కాగితం కాక చేతికిచ్చి, "కాకా, ఇవి చేయించి 38,000కి ఇస్తవా, నన్ను చేయించుకొమ్మంటవా?" అన్నాడు. కాక కాసేపు కాగితాన్నే చూసి, 34,000కి ఒప్పుకున్నాడు. ఇంకో 1,600 లాగొచ్చేమో, లాగలేదు. రేపు పొద్దున్న గేటు దగ్గర ఎదురుపడేది ఆయనే కదా.

కన్సల్టెన్సీలో కొనేవాళ్లు ధర మీద కంటే డబ్బు ఇచ్చే వరుస మీద బేరం చేయాలి. 500 బయానా ఇచ్చి రసీదు తీసుకోండి. మిగతాది ఇచ్చేటప్పుడు కనీసం 5,000 ఆపి, ఆర్‌సీ మీ పేరు మీదికి వచ్చాక ఇస్తామని రసీదు మీదే రాయించండి. ఆ 5,000 కోసమైనా వాళ్లు ఆర్టీఏ చుట్టూ తిరుగుతారు.

పేరు మార్పు, అదే వారంలో

34,000కి మాట అయ్యాక కాక అన్న మాట ఇది: "ఎందుకురా పరేషాన్, బండి తోలుకో. పేరు సంగతి పంట అమ్మినంక చూసుకుందం." పక్కింటి బేరాలన్నీ చెడేది ఈ ఒక్క మాట దగ్గరే. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. కానీ చట్టం పేరు చెబితే కాక నవ్వుతాడు. ఆయనకు నష్టం ఏమిటో చెప్పాలి.

2018లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఒకతను కారు అమ్మాడు, అది చేతులు మారుతూ పోయింది, రికార్డుల్లో పేరు మాత్రం మారలేదు. ఆ కారు ప్రమాదం చేసి ప్రాణం పోయింది. రికార్డుల్లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, పరిహారం బాధ్యత వాళ్లదే అని కోర్టు చెప్పింది. మా వాడు ఈ సంగతి చెప్పి, "రేపు నేను ఎవరికన్న గుద్దితే కేసు నీ మీదికొస్తది కాకా" అన్నాడు. తెల్లారి కాకే ఫైనాన్స్ ఆఫీసుకు ఎన్‌ఓసీ కోసం పోయాడు.

వరుస ఇలా నడిచింది. ముందు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చాయి. అవి చూసుకున్నాక డబ్బు, అదీ ఫోన్ పేమెంటుతో, జాడ ఉండేలా. ఆ రోజే ఒక డెలివరీ రసీదు రాసుకున్నారు: బండి నంబరు, ఇంజన్, ఛాసిస్ నంబర్లు, ధర, తేదీ, గంట. గంట తప్పకుండా రాయండి, ఆ పొద్దున పడ్డ చలాను ఎవరిదన్న తగాదా రాకుండా. తర్వాత ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30, ఇద్దరి ఆధార్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్‌తో ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసి ఇద్దరూ కలిసి నల్లగొండ ఆర్టీఏకు వెళ్లారు. ఓటీపీ వచ్చినప్పుడు కాక ఫోన్ కాక జేబులోనే ఉంది. ఫీజులు, జిరాక్సులు, పోస్టు అంతా కలిపి 1,500 లోపే అయింది. ఏజెంట్ లేడు.

ఇన్సూరెన్స్ పాలసీ మిగిలి ఉన్న బండి కొంటే దాన్ని కూడా 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్చమని కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది మనిషితో పోతుంది, బండితో కాదు. కాక పాలసీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి మా వాడు కొత్తది తీసుకున్నాడు. ఈ సైజు బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 2022 రేటు ప్రకారం ఏడాదికి 714, దాని మీద జీఎస్టీ, నడిపేవాడికి 15 లక్షల ప్రమాద బీమా. అన్నీ కలిపి 1,200.

మొత్తం లెక్క: బండి 34,000, రిపేర్లు 5,600, ఇన్సూరెన్స్ 1,200, పేరు మార్పు 1,500. కలిపితే 42,300. మిగిలిన 2,700లో మంచి హెల్మెట్ వచ్చింది.

ఆర్‌సీ కార్డు పోస్టులో వచ్చాక కవరు చింపి ఫొటో పెట్టాడు. ఫైనాన్స్ ఉండే చోటు ఖాళీగా ఉంది, కానీ వాళ్ల నాన్న పేరులో ఒక అక్షరం తప్పు పడింది. మళ్లీ ఆర్టీఏకు పోవాలి.